ప్రకటన, లీజు, పెట్టుబడి: ఉద్యోగ నోటిఫికేషన్ రాకముందే ఏ వార్తను నమ్ముకోవాలి

ఒక కంపెనీ హైదరాబాదుకు వస్తోందని పత్రికలో చదివిన రోజుకూ, ఆ కంపెనీ ఉద్యోగాలు నౌకరీలోనో లింక్డ్‌ఇన్‌లోనో కనిపించే రోజుకూ మధ్య సాధారణంగా కొన్ని నెలలు గడుస్తాయి. తొలి ముప్పై, నలభై మందిని ఆ నెలల్లోనే ఎంచుకుంటారు, వారిలో ఎక్కువమంది తెలిసినవారి మాట మీదనో కన్సల్టెన్సీల ద్వారానో వస్తారు. నోటిఫికేషన్ బయటికి వచ్చాక అదే కుర్చీకి వేలమంది పోటీ పడతారు. అందువల్ల వార్తలను చూసి ముందే అంచనా వేయాలనుకోవడం సహేతుకమే. అయితే రోజూ వచ్చే వార్తలన్నీ ఒకే రకమైనవి కావు. ప్రభుత్వంతో కలిసి చేసే విస్తరణ ప్రకటన ఒక రకం, కొత్త ఆఫీసు లీజు వార్త మరొకటి, ఫండింగ్ వార్త ఇంకొకటి. వారానికి రెండు మూడు గంటలకు మించి వెచ్చించలేని ఉద్యోగి ఈ మూడింటిలో దేనిని వెంబడించాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలన్నీ హైదరాబాదు, ఆంధ్రప్రదేశ్‌లకు చెందినవే.

## దేనితో కొలవాలి

నేను మూడు ప్రశ్నలతో కొలుస్తాను. మొదటిది, కంపెనీ ఇప్పటికే వెనక్కి తీసుకోలేని డబ్బు పెట్టిందా, లేక మాట మాత్రమే ఇచ్చిందా అన్నది. రెండోది, ఆ వార్తకూ నియామకాలకూ మధ్య ఎన్ని నెలల దూరం ఉందన్నది. ఇది మన దేశంలో మరీ ముఖ్యం, ఎందుకంటే ఐటీ ఉద్యోగుల్లో చాలామందికి 60 నుంచి 90 రోజుల నోటీస్ పీరియడ్ ఉంటుంది. నోటిఫికేషన్ వచ్చాక దరఖాస్తు చేస్తే "ముప్పై రోజుల్లో చేరగలరా" అని అడుగుతారు, చేరలేమంటే అక్కడితో సరి. అదే కంపెనీతో మూడు నెలల ముందే మాట కలిపి ఉంటే తొంభై రోజుల నోటీసు అడ్డంకి కాదు. మూడోది, మనలాంటి సాధారణ వ్యక్తి ఆ వార్తను సొంతంగా సరిచూసుకోగలడా అన్నది.

ఉద్యోగాల సంఖ్యను మాత్రం నేను కొలమానంగా తీసుకోను. శీర్షికలో ఎంత పెద్ద సంఖ్య ఉంటే, అది అంత ఎక్కువ కాలానికి పరచుకుని ఉంటుందన్నది నా అనుభవం.

## విస్తరణ ప్రకటన

ఏటా జనవరిలో దావోస్ నుంచి, ముఖ్యమంత్రుల విదేశీ పర్యటనల నుంచి, పెట్టుబడుల సదస్సుల నుంచి వచ్చే వార్తలు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో చాలావరకు అవగాహన ఒప్పందాలు. అమలు చేయకపోయినా కంపెనీకి పెద్దగా నష్టం ఉండదు కాబట్టి మొదటి ప్రశ్న దగ్గర ఇవి బలహీనం.

అలాగని వాటిని పూర్తిగా కొట్టిపారేయలేం. హైదరాబాదులో ఇటీవల తెరిచిన మూడు ఆఫీసులను చూడండి. ఆమ్‌జెన్ 2024 ఆగస్టులో ప్రకటించి 2025 ఫిబ్రవరిలో ప్రారంభించింది. ఎలి లిల్లీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించి ఆగస్టులో తెరిచింది. మెక్‌డొనాల్డ్స్ మార్చిలో ప్రభుత్వంతో ఒప్పందం ప్రకటించి అక్టోబరులో తలుపులు తీసింది. మూడింటికీ ఆరేడు నెలలే పట్టింది. అంత త్వరగా తెరవగలిగారంటే, ప్రకటన నాటికే భవనం వెతుకులాట చాలా దూరం వచ్చి ఉండాలి. విదేశీ కంపెనీ తన సొంత పనుల కోసం ఇక్కడ పెట్టుకునే కేంద్రం, అంటే జీసీసీ, అద్దె భవనంలో మొదలవుతుంటే ఆ ప్రకటనను దగ్గరి వార్తగానే లెక్కించవచ్చు.

సొంత స్థలంలో కొత్తగా కట్టే క్యాంపస్ సంగతి వేరు. ఇన్ఫోసిస్ 2025 జనవరిలో దావోస్ వేదికగా పోచారం క్యాంపస్ విస్తరణను, 17,000 అదనపు ఉద్యోగాలను ప్రకటించింది. మొదటి దశ నిర్మాణానికే రెండు మూడేళ్లు పడుతుందని ఆ ప్రకటనలోనే ఉంది. పైగా నగరంలో ఇప్పటికే వేలమంది ఉన్న సంస్థ కొత్త భవనం కడితే, అందులో కొన్ని సీట్లలోకి పాత ఆఫీసుల వాళ్లే మారతారు. వాన్‌గార్డ్ హైదరాబాదు కేంద్రానికి ప్రకటించిన 2,300 ఉద్యోగాలు నాలుగేళ్లకు ఉద్దేశించినవి. సమానంగా పంచితే ఏడాదికి 575, నెలకు యాభైలోపు. అది మంచి సంఖ్యే. కానీ శీర్షిక చదివిన వారి మనసులో పడే చిత్రం అది కాదు.

మరొక పొరపాటు పెట్టుబడి మొత్తాన్ని చూసి ఉద్యోగాలను ఊహించుకోవడం. విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అందులో ప్రధాన భాగం డేటా సెంటరు. డేటా సెంటరులో డబ్బు సర్వర్లకు, విద్యుత్తుకు, చల్లబరిచే యంత్రాలకు పోతుంది. తొలి ఏళ్లలో అవసరమయ్యేది సివిల్, ఎలక్ట్రికల్, కూలింగ్ పనివారు, వారిని కూడా ఎక్కువగా కాంట్రాక్టు సంస్థలే తీసుకుంటాయి. జావా డెవలపర్ ఆ వార్తను నమ్మి విశాఖలో ఇల్లు అద్దెకు తీసుకోవడం తొందరపాటు అవుతుంది.

ప్రకటన చదివేటప్పుడు నేను ఒక్క విషయం వెతుకుతాను: తాత్కాలిక ఆఫీసు ప్రస్తావన. విశాఖలో టీసీఎస్‌కు 2025 ఏప్రిల్‌లో 99 పైసలకు 21 ఎకరాలకు పైగా భూమి ఇచ్చినప్పుడు అందరూ ఆ 99 పైసల గురించే మాట్లాడుకున్నారు. ఉద్యోగార్థికి అంతకన్నా పనికొచ్చే సమాచారం, శాశ్వత క్యాంపస్ పూర్తయ్యేలోగా అద్దె భవనంలో పని మొదలుపెట్టే ఆలోచన ఉందన్నది. భూమి వార్తకు ఏళ్లు పడుతుంది. అద్దె భవనం వార్తకు నెలలు చాలు.

## కొత్త ఆఫీసు లీజు

ఉన్నవాటిలో దీనినే నేను అన్నింటికన్నా ఎక్కువగా నమ్ముతాను, కారణం మామూలుదే. లీజు రాసుకున్న కంపెనీ కొన్ని నెలల అద్దెను డిపాజిట్‌గా కట్టి ఉంటుంది, మూడు నుంచి ఐదేళ్లు ఖాళీ చేయకూడదన్న లాక్-ఇన్‌కు ఒప్పుకుని ఉంటుంది. కుర్చీలు నిండినా నిండకపోయినా అద్దె ఆగదు. ఖాళీ అంతస్తుకు ప్రతి నెలా చెల్లించే కంపెనీకి మనుషులను తీసుకోవాలన్న ఒత్తిడి లోపలి నుంచే ఉంటుంది.

రిజిస్టరైన లీజు పత్రాలను సేకరించి విశ్లేషించే ప్రాప్‌స్టాక్, సీఆర్‌ఈ మ్యాట్రిక్స్ వంటి సంస్థలు ఉన్నాయి. ఆంగ్ల వ్యాపార పత్రికల్లో వచ్చే "ఫలానా కంపెనీ రాయదుర్గంలో ఇన్ని చదరపు అడుగులు తీసుకుంది" అన్న వార్తల్లో చాలావాటికి మూలం ఆ పత్రాలే. విస్తీర్ణం, నెల అద్దె, డిపాజిట్, లాక్-ఇన్, అద్దె మొదలయ్యే తేదీ వాటిలో ఉంటాయి. ఈ చివరి తేదీ మీద దృష్టి పెట్టండి. ఇంటీరియర్ పనుల కోసం యజమాని కొన్ని నెలలు అద్దె లేకుండా ఇస్తాడు, అద్దె మొదలయ్యే తేదీ నాటికి జనం కూర్చోవాలని కంపెనీ లెక్క వేసుకుంటుంది. ఖాళీ గోడలతో ఇచ్చిన అంతస్తును లక్ష చదరపు అడుగుల మేర ఆఫీసుగా మార్చడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. స్మార్ట్‌వర్క్స్, టేబుల్ స్పేస్ వంటి సంస్థలు కుర్చీలు, కేబుళ్లతో సహా సిద్ధం చేసి ఇచ్చే మేనేజ్డ్ ఆఫీసు అయితే ఆ గడువు ఇంకా తగ్గుతుంది. లీజు వార్తలో అలాంటి సంస్థ పేరు కనిపిస్తే నియామకాలు త్వరలోనే ఉన్నాయని అనుకోవచ్చు.

సీట్ల సంఖ్యకు ఒక ముతక లెక్క సరిపోతుంది.

```
సీట్లు ≈ లీజు చదరపు అడుగులు ÷ 100
```

ఇది ఎంతవరకు నిలుస్తుందో పైన చెప్పిన ఆఫీసులతోనే చూద్దాం. మెక్‌డొనాల్డ్స్ ఆఫీసు 1.56 లక్షల చదరపు అడుగులు, చెప్పిన ఉద్యోగులు 2,000. అంటే మనిషికి 78. లిల్లీ ఆఫీసు 2.2 లక్షల చదరపు అడుగులు, చెప్పినది 1,500 వరకు. అంటే మనిషికి దాదాపు 147. వారంలో మూడు రోజులే ఆఫీసుకు వచ్చేవారు ఒకే సీటును పంచుకోవడం నుంచి, రేపు పెరగబోయే సంఖ్యకు ఇప్పుడే చోటు తీసిపెట్టడం దాకా ఈ తేడాకు కారణాలు ఎన్నయినా ఉండవచ్చు. వంద అన్నది ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. వచ్చిన జవాబును వేయా, పదిహేను వందలా అని పట్టించుకోకుండా, వందల్లోనా వేలల్లోనా అని తెలుసుకోవడానికి మాత్రమే వాడండి.

లీజు వార్త మోసం చేసేది ఒక సందర్భంలో. నగరంలో మూడు చోట్ల ఉన్న పాత ఆఫీసులను ఖాళీ చేసి, అందరినీ ఒకే కొత్త భవనంలోకి మార్చడానికి కూడా కంపెనీలు పెద్ద లీజులు రాసుకుంటాయి. అప్పుడు రెండు లక్షల చదరపు అడుగుల వార్త వెనుక ఒక్క కొత్త ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు. దీనిని గుర్తించడం కష్టమేమీ కాదు. లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ పేజీకి వెళ్లి, ఉద్యోగుల జాబితాను హైదరాబాదుకు పరిమితం చేసి సంఖ్య చూడండి. లీజు లెక్క ప్రకారం 1,200 సీట్లు వచ్చి, ఇప్పటికే నగరంలో 1,100 మంది ఉంటే అది ఇల్లు మారడమే. నలభై మందే ఉంటే అది విస్తరణ.

రెండో చిక్కు పేరుది. కొన్ని విదేశీ కంపెనీలు మొదట ఒక భాగస్వామ్య సంస్థతో కేంద్రాన్ని కట్టించి, నడిపించి, రెండు మూడేళ్ల తర్వాత తమ చేతికి తీసుకుంటాయి. అలాంటి చోట లీజు, తొలి ఉద్యోగాలు భాగస్వామి పేరు మీద ఉంటాయి. అసలు కంపెనీ పేరుతో ఎంత వెతికినా ఏమీ దొరకదు.

## ఫండింగ్ వార్త

ఇక్కడ కోట్ల సంఖ్యకన్నా ముందు తెలుసుకోవలసింది ఆ డబ్బు ఎవరి జేబులోకి వెళ్లిందన్నది. కంపెనీ కొత్త వాటాలు జారీ చేస్తే డబ్బు కంపెనీ ఖాతాలోకి వస్తుంది, దానితో మనుషులను తీసుకోగలదు. పాత పెట్టుబడిదారులో వ్యవస్థాపకులో తమ వాటాలను కొత్తవారికి అమ్ముకుంటే డబ్బు వారికి పోతుంది, కంపెనీకి రూపాయి కూడా రాదు. పత్రికలో రెండూ కలిపి ఒకే సంఖ్యగా వస్తుంటాయి.

దీనిని సరిచూసే మార్గం అందరికీ అందుబాటులోనే ఉంది. ఎంచుకున్న కొందరికే వాటాలిచ్చే ప్రైవేట్ ప్లేస్‌మెంట్ పద్ధతిలో కొత్త వాటాలు కేటాయించిన కంపెనీ పదిహేను రోజుల్లో PAS-3 అనే పత్రాన్ని కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖకు దాఖలు చేయాలి. ఆ శాఖ పోర్టల్‌లో View Public Documents అన్న చోట వంద రూపాయలు చెల్లిస్తే ఒక కంపెనీ పత్రాలు చూడవచ్చు. ఎవరికి ఎన్ని వాటాలు, ఎంత ప్రీమియంకు ఇచ్చారో అందులో ఉంటుంది. వాటాల సంఖ్యను ముఖవిలువ, ప్రీమియం కలిపిన ఒక్కో వాటా ధరతో గుణిస్తే కంపెనీకి నిజంగా వచ్చిన డబ్బు తేలుతుంది. పత్రికలో 400 కోట్లు అని ఉండి పత్రంలో 150 కోట్లే తేలితే, మిగతాది చేతులు మారిన పాత వాటాలు కావచ్చు, లేదా విడతలుగా రావలసిన సొమ్ము కావచ్చు. అంతకుముందే ఫండింగ్ పూర్తయి, పత్రికకు ఆలస్యంగా చెప్పిన సందర్భాలు కూడా ఈ పత్రం తేదీతో బయటపడతాయి. అప్పటికి నియామకాలు సగం అయిపోయి ఉంటాయి.

అయితే ఈ వార్త అందరికీ పనికిరాదు. రాకెట్లు తయారుచేసే హైదరాబాదు స్కైరూట్‌ను చూడండి. 2022 సెప్టెంబరులో 51 మిలియన్ డాలర్లు, 2023 అక్టోబరులో 27.5 మిలియన్ డాలర్లు సమీకరించింది. ఆ అక్టోబరులోనే 60,000 చదరపు అడుగుల కొత్త కేంద్రాన్ని తెరిచింది, 2025 నవంబరులో దాదాపు రెండు లక్షల చదరపు అడుగుల ఇన్ఫినిటీ క్యాంపస్ ప్రారంభమైంది. డబ్బు, చోటు రెండూ వెంటవెంటనే వస్తున్న ఇలాంటి కంపెనీ తప్పకుండా మనుషులను తీసుకుంటుంది. కానీ రాకెట్ భాగాలు చేసే చోట వందతో భాగించే లెక్క చెల్లదు, ఆ స్థలంలో ఎక్కువ భాగం యంత్రాలది, పరీక్షలది. కావలసింది ప్రొపల్షన్, ఏవియానిక్స్, కాంపోజిట్స్ తెలిసినవారు. ఆ పని వచ్చినవారికి ఇది బంగారు వార్త, మిగతావారికి గర్వించదగ్గ విషయం మాత్రమే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | విస్తరణ ప్రకటన | ఆఫీసు లీజు | ఫండింగ్ |
|---|---|---|---|
| వెనక్కి తీసుకోలేని డబ్బు | సాధారణంగా లేదు | ఉంది | కొత్త వాటాలైతే ఉంది |
| నియామకాలకు దూరం | అద్దె భవనమైతే ఆరేడు నెలలు, సొంత క్యాంపస్ అయితే ఏళ్లు | మూడు నుంచి ఆరు నెలలు | వెంటనే, లేదా ఇప్పటికే మొదలై ఉంటాయి |
| సంఖ్య అంచనా | శీర్షికలోది, ఏళ్లకు పరచినది | విస్తీర్ణం నుంచి | కష్టం |
| సొంతంగా సరిచూసే మార్గం | తాత్కాలిక ఆఫీసు ప్రస్తావన, గడువు | నగరంలో ఇప్పటి ఉద్యోగుల సంఖ్య | PAS-3 |

## ఎవరికి ఏది

ఐదు నుంచి పన్నెండేళ్ల అనుభవం, తొంభై రోజుల నోటీసు ఉన్నవారు లీజు వార్తలనే వెంబడించాలి. నియామకాలకూ వార్తకూ ఉన్న దూరం, వారి నోటీసు గడువు సరిగ్గా ఒకదానికొకటి అమరుతాయి. జీసీసీలలో తొలి విడతలో తీసుకునేది కూడా ఈ స్థాయివారినే.

ఫ్రెషర్లకు నేను ఇదే సలహా ఇవ్వను. కొత్త జీసీసీ మొదటి ఏడాది బృందాలను నడపగలిగినవారి కోసం చూస్తుంది, కళాశాల నుంచి వచ్చేవారిని ఆ తర్వాత తీసుకుంటుంది. కాబట్టి ఫ్రెషర్ ఈ ఏడాది లీజులను కాకుండా, నిరుడు తెరుచుకుని ఇప్పటికి మేనేజర్లను సమకూర్చుకున్న ఆఫీసుల జాబితా రాసుకోవడం మేలు. సేవల కంపెనీల విస్తరణ ప్రకటనలు కూడా వారికే ఎక్కువ ఉపయోగపడతాయి.

కెమిస్టులు, డిప్లొమా, ఐటీఐ చదివినవారు ఈ మూడింటినీ పక్కన పెట్టి అనుమతులను చూడాలి. ఫార్మా, రసాయన పరిశ్రమలు పర్యావరణ అనుమతి కోసం PARIVESH పోర్టల్‌లో పెట్టే నివేదికల్లో నిర్మాణ దశకు, ఉత్పత్తి దశకు ఎంతమంది కావాలో రాస్తాయి. కాలుష్య నియంత్రణ మండలి ముందుగా స్థాపనకు, కట్టడం అయ్యాక నడపడానికి వేర్వేరుగా అనుమతి ఇస్తుంది. ఈ రెండో అనుమతి దగ్గరపడుతోందంటే క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌కు మనుషులను వెతుకుతున్నారని అర్థం. ఇతర పరిశ్రమల్లో ఉత్పత్తి ప్రారంభ తేదీ నుంచి వెనక్కి లెక్కించాలి. శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి 2025 మేలో శంకుస్థాపన జరిగింది, 2026 చివరికి ఉత్పత్తి అన్నది అప్పటి లక్ష్యం. అలాంటి చోట శంకుస్థాపన వార్త చూసి దరఖాస్తు పట్టుకుని వెళితే కాంట్రాక్టరు తప్ప ఎవరూ ఉండరు.

స్టార్టప్‌లో పనిచేయగల ధైర్యం, తక్కువ నోటీసు, ప్రత్యేక నైపుణ్యం ఈ మూడూ ఉన్నవారికే ఫండింగ్ వార్త మొదటి ఎంపిక. ఇంట్లో ఒక్కరి జీతమే ఆధారమైతే PAS-3 చూడకుండా ఆ దారి పట్టవద్దని గట్టిగా చెబుతాను.

## ఒక మనిషి ఎలా చేశాడు

నాకు బాగా తెలిసిన ఒక డేటా ఇంజినీరు మియాపూర్‌లో ఉంటాడు. ఎనిమిదేళ్ల అనుభవం, తొంభై రోజుల నోటీసు. అంతకుముందు అతను ఒక పెద్ద అవగాహన ఒప్పందం వార్తను నమ్మి ఎనిమిది నెలలు ఒకే కంపెనీ కెరియర్స్ పేజీని రోజూ తెరిచి చూశాడు. ఆ పేజీలో హైదరాబాదు అన్న మాటే రాలేదు.

రెండోసారి అతను ఒక విదేశీ బీమా కంపెనీ రాయదుర్గంలో 1.2 లక్షల చదరపు అడుగులు తీసుకున్న వార్తతో మొదలుపెట్టాడు. వార్త జనవరిలో వచ్చింది, అద్దె జూన్ నుంచి అని అందులో ఉంది. లెక్క ప్రకారం 1,200 సీట్లు. లింక్డ్‌ఇన్‌లో హైదరాబాదులో ఆ కంపెనీ మనుషులు ముప్పై మందికి మించి లేరు. ఒక శనివారం అతను ఆ భవనం దాకా వెళ్లాడు. లాబీలోని బోర్డు మీద కంపెనీ పేరు ఇంకా లేదు కానీ, సర్వీస్ లిఫ్టు దగ్గర ఏసీ డక్టు ముక్కలు, ప్లాస్టిక్ చుట్టిన కార్పెట్ చుట్టలు పేర్చి ఉన్నాయి. ఏ అంతస్తుకని అడిగితే కాపలాదారు ఆరు, ఏడు అని చెప్పాడు. లీజు వార్తలో ఉన్నవి కూడా ఆ రెండు అంతస్తులే.

అక్కడితో ఆగి ఉంటే అది అంచనాగానే మిగిలేది. అతను ప్రతి ఆదివారం ఆ కంపెనీలో కొత్తగా చేరినవారిని మాత్రమే చూస్తూ వచ్చాడు. ఫిబ్రవరిలో హెచ్‌ఆర్ అధిపతి చేరారు. మార్చి రెండో వారంలో మరో జీసీసీ నుంచి ఇద్దరు రిక్రూటర్లు వచ్చారు. రిక్రూటర్లకు జీతం ఇస్తున్నారంటే తీసుకోవలసిన ఖాళీలు మంజూరయ్యాయని అర్థం. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. మార్చి చివరలో డేటా విభాగానికి ఒక డైరెక్టరు చేరారు. అతను రిక్రూటరుకు కాక ఆ డైరెక్టరుకే నాలుగు వాక్యాలు రాశాడు: బీమా క్లెయిముల డేటా మీద తాను ఏ పని చేశాడో రెండు వాక్యాలు, నోటీసు తొంభై రోజులని ఒక వాక్యం, బృందం ఎప్పుడు మొదలైనా మాట్లాడటానికి సిద్ధమని ఒక వాక్యం. ఖాళీ ఉందా అని అడగలేదు. బృందం ఇంకా కాగితం మీదే ఉన్న మనిషికి ఆ ప్రశ్నకు జవాబివ్వడం కష్టం, మాట్లాడదామని పిలవడం తేలిక.

ఏప్రిల్‌లో మూడు ఇంటర్వ్యూలు జరిగాయి, మే మొదటి వారంలో ఆఫర్ వచ్చింది, ఆ వారమే రాజీనామా ఇచ్చాడు. అదే హోదాకు లింక్డ్‌ఇన్‌లో ప్రకటన జూన్ 11న కనిపించింది. మొదటి రోజు సాయంత్రానికే దరఖాస్తులు వందకు పైబడినట్టు ఆ పేజీ చూపించింది. అప్పటికి అతని నోటీసులో రెండు నెలల లోపే మిగిలి ఉంది.